అమ్మ అను మూడో మనిషి

ఊళ్లలో భాగపంపకాల పంచాయితీ పడితే చాలు, ఈమధ్య ఒక న్యాయకోవిదుడు ప్రత్యక్షమవుతున్నాడు. ఆయన చదివిన లా కాలేజీ హనుమకొండ కోర్టు ఎదుటి చాయ్ బండి. పెద్దకొడుకు పక్కన కుర్చీ లాక్కొని కూర్చుని, గొంతు సవరించుకొని, "కాగితం మీద ముసలమ్మ సంతకం ఏడుంది? ఒప్పందం అన్నదమ్ములది. ఆమె థర్డ్ పార్టీ" అని సెలవిస్తాడు. అంతే, పంచాయితీ మొత్తం నోరు మూసుకుంటుంది.

పరకాల వైపు ఒక ఇల్లు అనుకుందాం. అన్నదమ్ములు నాలుగెకరాలు పంచుకున్నారు. ఇద్దరూ నెలకు చెరో మూడు వేలు అమ్మకు ఇవ్వాలని రాసుకున్నారు. అమ్మ సంతకం లేని మాట నిజమే. ఆ సమయానికి ఆమె వంటింట్లో పెద్దమనుషులకు చాయ్ పెడుతోంది. ఏడాది గడిచాక పెద్దకొడుకు డబ్బు ఆపేశాడు. కోవిదుడి మాట అతనికి వేదం.

పాపం, కోవిదుడిది పూర్తి అబద్ధమూ కాదు. ఒప్పందంలో లేనివాడు దాని మీద దావా వేయలేడన్నది అసలు సూత్రమే. 1861లో ఇంగ్లండులో ట్వెడిల్ అనే అల్లుడు ఈ సూత్రం దెబ్బ రుచి చూశాడు. మామ రెండు వందల పౌండ్లు, తండ్రి వంద పౌండ్లు అల్లుడికి ఇస్తామని రాసుకున్నారు. అల్లుడు కోర్టుకు వెళ్లవచ్చని కూడా అందులోనే రాశారు. మామ ఇవ్వకుండానే పోయాడు. అల్లుడు కోర్టుకెళ్తే, నువ్వు ఒప్పందంలో లేవు పొమ్మన్నారు.

ఈ సూత్రం అంత పవిత్రమైతే మేడారంలో కూడా అమలు చేయాలి. పెద్దకొడుకు చిన్నప్పుడు జ్వరంతో మూలిగితే, బిడ్డ బతికితే నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటానని ఈ అమ్మే సమ్మక్కకు మొక్కింది. అప్పుడు గద్దె మీది తల్లి కళ్లజోడు సవరించుకొని, "ఒప్పందం నాకూ మీ అమ్మకూ. నీ సంతకం ఏదిరా? మొక్కిన మనిషికి జ్వరమే లేదు, జ్వరమున్న నువ్వు మొక్కనే లేదు. నువ్వు థర్డ్ పార్టీవి" అని ఫైలు మూసేసి ఉంటే బాగుండేది. బెల్లం మాత్రం ఎలాగూ జమ చేసుకునేది. జంపన్నవాగు ఒడ్డున అప్పీలుకు లైను కట్టేవాళ్లు. అలా జరగలేదు కాబట్టే పెద్దకొడుకు ఈరోజు కుర్చీలో కూర్చుని అమ్మ సంతకం అడుగుతున్నాడు.

మన దేశంలో కథ వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మాటకు బదులుగా ఇచ్చే ప్రతిఫలం ఎవరిచ్చినా చెల్లుతుంది, కాబట్టి అమ్మ పైసా ఇవ్వలేదన్న వాదన నిలవదు. ఒప్పందంలో లేదన్న అభ్యంతరం నుంచి కోర్టులు కుటుంబ ఏర్పాట్లను మినహాయించాయి. 1910లో, అప్పట్లో మన కేసులకు ఆఖరి కోర్టయిన ప్రివీ కౌన్సిల్ హుసేనీ బేగం కేసులో, పెళ్లికి ముందు మామ కోడలి తండ్రికి రాసిచ్చిన నెలకు ఐదు వందల ఖర్చు ఆ కోడలు రాబట్టుకోవచ్చంది. మద్రాసులో శుప్పు అమ్మాళ్ కేసు అయితే అచ్చం మన ఇల్లే. పంపకంలో కొడుకులు తల్లి పోషణకు డబ్బు పెడతామని ఒప్పుకున్నారు, పెట్టమని అడిగే హక్కు తల్లికి ఉందని హైకోర్టు తేల్చింది. వందేళ్ల నాటి సంగతి ఇది. ఇన్నేళ్లలో ఆ చాయ్ బండి దాకా రాలేదు.

ఎవరికి పడితే వాళ్లకు ఈ మినహాయింపు దొరకదు. 1969లో చాకో కేసులో, కుటుంబ దస్తావేజులో అప్పు తీర్చే మాట ఉందని బ్యాంకు దాని మీద దావాకు వెళ్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకు బయటిది. ఆ మాట బ్యాంకు మేలు కోసం రాసింది కాదు. అమ్మ బయటిది కాదు, ఆ మాట ఆమె కోసమే రాశారు. ఆమెను థర్డ్ పార్టీ అనడానికి నోరెలా వస్తుందిరా మీకు? ఆ నాలుగెకరాల్లో నాట్లు వేసి వంగిన నడుము ఎవరిది? పార్టీ ఆమె కాకపోతే నువ్వెవడివి?

కోపం పక్కనపెట్టి పని మాట చెప్తాను. కాగితంలో అమ్మ పేరు, ఎంత, ఏ తేదీకి అన్నది స్పష్టంగా ఉండాలి. "చూసుకుంటాం" అన్న మాటను కోర్టు లెక్కకట్టలేదు. పంపకం ఆ కాగితంతోనే జరిగితే రిజిస్ట్రేషన్ కావాలి, లేకపోతే అసలు దస్తావేజే తడబడుతుంది. డబ్బు ఇవ్వకపోతే ఆ భూమి నుంచే రాబట్టుకోవచ్చని ఒక వాక్యం రాయిస్తే ఇంకా గట్టి. పెద్దకొడుకు ఏడాదిపాటు ఫోన్‌పేలో పంపిన మూడు వేలు కూడా సాక్ష్యమే. తాను ఇవ్వాలని ఒప్పుకున్నట్టు అవి చెబుతాయి.

ఇక ఆగిపోయిన ప్రతి నెల సొమ్ముకూ దావా వేయడానికి మూడేళ్ల గడువు విడివిడిగా నడుస్తుంది. "తొందరేముందమ్మా, పండుగ అయినంక మాట్లాడుదాం" అని కోవిదుడు అంత ప్రేమగా అనేది ఆ లెక్క తెలిసే.