జీతం కూడా ఒక బాండే, కానీ అందరికీ కాదు

అనంతపురంలో మా పెద్దమ్మ కొడుకులు ఇద్దరికీ ఒకే ఏజెంట్ ఒకే సూత్రం చెప్పాడు: 'వందలోంచి వయసు తీసేయండి, మిగిలింది షేర్లలో పెట్టండి.' ఒకరు జిల్లా పరిషత్ హైస్కూలు టీచర్, ఇంకొకరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ ముప్పై అటూ ఇటూ. ఇద్దరికీ 70 శాతమేనట!

ఆ సూత్రం చేతిలో ఉన్న డబ్బునే చూస్తుంది. ఆర్థికవేత్తలు బోడీ, మెర్టన్, శామ్యుయెల్సన్ 1992లో రాసిన వ్యాసం ఇంకో ఆస్తినీ లెక్కలోకి తెచ్చింది: ముందుముందు రాబోయే సంపాదన.

టీచరన్న లెక్క చూద్దాం. దాచింది 3 లక్షలు. ఇకపై 62 ఏళ్ల దాకా ఏటా 1.2 లక్షలు దాచగలడు. ధరలతో పాటే జీతమూ పెరుగుతుందనుకుని, 3 శాతం వడ్డీతో ఈనాటి విలువ కడితే అది దాదాపు 24 లక్షలు. నెల నెలా ఠంచనుగా పడే జీతం కాబట్టి ఇది బాండు లాంటిదే. మొత్తం ఆస్తి 27 లక్షల్లో 40 శాతం షేర్లలో ఉండాలనుకుంటే 11 లక్షలు కావాలి. చేతిలో ఉన్నది 3 లక్షలే! అత్యవసరానికి కొంత పక్కన పెట్టి మిగిలినదంతా షేర్లలో పెట్టినా ఎక్కువేం కాదు.

అదే అన్నకు 50 ఏళ్లొచ్చేసరికి పొదుపు 30 లక్షలు అయిందనుకుందాం. రాబోయే పొదుపు విలువ 12 లక్షలకు తగ్గిపోతుంది. అప్పుడు 42 లక్షల్లో 40 శాతం అంటే సుమారు 17 లక్షలు, చేతిలో ఉన్నదాంట్లో 56 శాతం. రిటైరయ్యాక జీతమనే ఆ బాండు ఇక మిగలదు, వాటా 40కి దిగుతుంది. వయసు పెరిగితే షేర్లు తగ్గాలనడానికి అసలు కారణం ఇదే.

తమ్ముడి సంగతి వేరు. మార్కెట్ పడినప్పుడే ప్రాజెక్టులు ఆగుతాయి, 2008లో చూశాం. తనూ అన్నలాగే 3 లక్షలు దాచి, ఏటా 1.2 లక్షలు దాచగలడనుకుందాం. రిస్కు ఎక్కువ కాబట్టి అతని రాబోయే పొదుపును 3 కాక 8 శాతంతో కడితే ఈనాటి విలువ 14 లక్షలే. అందులో సగం షేర్ల లాంటిదనుకుంటే 7 లక్షల రిస్కు జీతంలోనే ఉంది. మొత్తం 17 లక్షల్లో 40 శాతం అంటే 6.8. ఇక 3 లక్షల్లో షేర్లకు చోటే లేదు. సగం కాక మూడో వంతు అనుకుంటే మాత్రం 2 లక్షలు పెట్టొచ్చు. చిన్న అంచనా మారితే జవాబు ఇంతలా మారుతుంది, ఈ పద్ధతికి ఉన్న బలహీనత అదే.

మరి వేరుశనగ వ్యాపారి? అతని ఆదాయమూ ఊగిసలాడుతుంది, కానీ వానతో, నిఫ్టీతో కాదు. అతనికి ముందు కావాల్సింది ఓ ఏడాది ఖర్చుకు సరిపడా నగదు.

జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో వయసును బట్టి షేర్లు తగ్గించే ఎల్‌సీ-75 ఎంచుకుంటే 35 ఏళ్ల దాకా 75 శాతం షేర్లు, 55 నాటికి 15 శాతం. అదీ పుట్టిన తేదీనే చూస్తుంది. తమ్ముణ్ణి అడిగితే తెలిసింది, ఉన్న 3 లక్షల్లో లక్షన్నర తను పనిచేసే కంపెనీ షేర్లేనట.