స్టాండప్‌లో మనిషిని కాదు, పనిని అడగండి

సాఫ్ట్‌వేర్ టీములు రోజూ పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే చిన్న మీటింగే స్టాండప్. 15 నిమిషాల్లో ముగియాల్సిన ఆ మీటింగ్ రోజూ 40 నిమిషాలు సాగుతోందంటే, లోపం ఎక్కువగా మాట్లాడేవాళ్లలో కాదు, నడిపేవాళ్లలో ఉందని నా గట్టి అభిప్రాయం. "త్వరగా చెప్పండి" అని ఎన్నిసార్లు అన్నా ఫలితం ఉండదు. మనం అడిగే ప్రశ్న మారాలి.

చాలా టీముల్లో ఒక్కొక్కరూ వరసగా నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, అడ్డంకులేమైనా ఉన్నాయో చెబుతారు. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతిని వివరించే స్క్రమ్ గైడ్ 2020 ఎడిషన్‌లో ఈ మూడు ప్రశ్నలను తీసేశారు. అయినా మనం వదల్లేదు. "నిన్న ఏం చేశావు" అని అడిగితే ఎవరైనా తాము ఖాళీగా లేమని నిరూపించుకోవడానికే చూస్తారు. అందుకే అప్‌డేట్ పెరుగుతుంది. మాట్లాడేటప్పుడు అందరి కళ్లూ టీమ్ లీడ్ వైపే ఉన్నాయంటే అది స్టాండప్ కాదు, హాజరు పట్టీ.

దీనికి బదులు, ఒక్కో పనినీ ఒక టికెట్‌గా దశలవారీ కాలమ్‌లలో చూపించే బోర్డు తెరిచి కుడివైపు నుంచి, అంటే పూర్తికి దగ్గరగా ఉన్న పని నుంచి మొదలుపెట్టండి. ఒక్కో టికెట్‌కి ఒకటే ప్రశ్న: "ఇది ముగియాలంటే ఇంకా ఏం కావాలి?" ఏ సమస్యా లేకుండా కదులుతున్న టికెట్ గురించి అసలు మాట్లాడక్కర్లేదు. చివర్లో "బోర్డు మీద లేని పని ఎవరైనా చేస్తున్నారా?" అని తప్పకుండా అడగండి. ఈ పద్ధతిలో జారిపోయేది అదొక్కటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బిల్లు డౌన్‌లోడ్ టికెట్ మూడు రోజులుగా టెస్టింగ్ కాలమ్‌లోనే ఉంది. పాత పద్ధతిలో అడిగితే టెస్టర్ "నిన్న టెస్ట్ చేశాను, ఇవాళ కూడా చేస్తాను" అని ఊరుకుంటారు. ముగియడానికి ఏం కావాలని అడిగితే "టెస్ట్ సర్వర్‌లో పాత బిల్లులు కనబడటం లేదు" అంటారు. వెంటనే డెవలపర్ "బిల్లులు ఉన్నాయండి, మీ అకౌంట్‌కి పర్మిషన్ లేదు" అంటారు. ఇంతవరకూ బ్రహ్మాండం. మూడు రోజుల చిక్కు రెండు వాక్యాల్లో బయటపడింది. సరిగ్గా అప్పుడే ఒక సీనియర్ "అసలు మన పర్మిషన్ల పద్ధతే మార్చాలి" అని అందుకుంటారు.

లీడ్ నోరు విప్పాల్సింది ఇక్కడే. నేను పెట్టుకున్న హద్దు ఇది: సమస్య ఏమిటో తేలేదాకా మీటింగ్‌లో మాట్లాడొచ్చు, దాన్ని ఎలా సరిచేయాలన్నది మీటింగ్ అయ్యాకే. "పర్మిషన్ సమస్య అని తేలింది కదండీ. ఎలా ఇవ్వాలో మీరిద్దరూ స్టాండప్ అవగానే ఇక్కడే ఆగి మాట్లాడుకోండి. పద్ధతి మార్చడం వేరే చర్చ, రాసి పెడుతున్నాను" అనాలి. అని ఊరుకోకుండా అందరికీ కనబడేలా రాయాలి. "తర్వాత చూద్దాం" అని రాయకుండా వదిలేస్తే ఆ మనిషి మర్నాడు అదే విషయం మళ్లీ ఎత్తుతారు. ఎత్తడం న్యాయం కూడా, ఎందుకంటే ఆ మాట గాలికి పోయింది. సీనియర్ అని ఒకరిని వదిలేసి జూనియర్‌ని ఆపితే మాత్రం ఇక మీ మాటకు విలువ ఉండదు. ఈ హద్దు చెరిపేయాల్సిన సందర్భం ఒకటుంది. లైవ్ సైట్ పడిపోతే స్టాండప్ అక్కడికక్కడే ఆపి అందరూ ఆ పని చూడాలి.

ఇక ముగింపు. దీన్ని ఎక్కువమంది "సరే, థాంక్యూ" అని తేల్చేస్తారు. నాకు చాలా బాధ కలిగించేది ఇదే. "డెవలపర్లు పర్మిషన్ సంగతి చూస్తారు" అంటే ఎవరూ చూడరు. చివరి నిమిషంలో ఎవరి పని వాళ్ల నోటితోనే చెప్పించాలి: "మధ్యాహ్నం 12 గంటల్లోపు టెస్ట్ అకౌంట్‌కి పర్మిషన్ ఇచ్చి, టెస్టర్‌కి మెసేజ్ పెడతాను." అందులో మనిషి ఉన్నారు, పని ఉంది, గడువు ఉంది, అయిందని ఎవరికి తెలియాలో కూడా ఉంది. లీడ్ చెప్పి తలూపించుకుంటే ఆ గడువు లీడ్‌ది అవుతుంది. వాళ్లే చెప్తే "12కి కుదరదు, 3 అవుతుంది" అన్న నిజం కూడా అప్పుడే బయటికొస్తుంది.

మర్నాడు స్టాండప్ వాళ్లు అలా చెప్పిన పనులతోనే మొదలవ్వాలి. "పర్మిషన్ వచ్చిందా?" అన్న ప్రశ్న ఇస్తానన్న డెవలపర్‌ని కాదు, దానికోసం ఎదురుచూస్తున్న టెస్టర్‌ని అడగండి. పర్మిషన్ ఇచ్చినా బిల్లులు తెరుచుకోకపోతే ఆ సంగతి తెలిసేది వాళ్లకే.