‘మళ్ళీ ఒకసారి చేయండి’ అనకుండా

మా సంఘం వార్షికోత్సవానికి మనవాళ్ళ పనిరోజుల మీద చిన్న వీడియోలు తీద్దామని అనుకున్నప్పుడు రాత్రి డ్యూటీ వంతు నాకు వచ్చింది. సంఘం వేడుకల వీడియోలు కూర్చేది నేనే కాబట్టి ఇది పెద్ద పని కాదనుకున్నాను. నేను వదిన అని పిలిచే ఒకావిడ ఇక్కడ న్యూజెర్సీలో ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తారు. రాత్రి 7 నుంచి ఉదయం 7:30 వరకు, వారానికి మూడు రాత్రులు. సరే తియ్యి, అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. నాకు కుదిరిన సమయం అది. ఆమె ఉదయం ఎనిమిదింటికి ఇంటికి వచ్చి, నా కోసం పన్నెండున్నరకే లేచి, తల దువ్వుకుని కూర్చున్నారు. ఆమెను మళ్ళీ పడుకోబెట్టి అలారం మోగించాను. లేచి ఒళ్ళు విరుచుకోమన్నాను, కర్టెను తీయమన్నాను. కాఫీ ఆవిరి సరిగ్గా పడలేదని మూడుసార్లు కాఫీ పెట్టించాను. తెల్లకోటు వేసుకుని గుమ్మం దాటమన్నాను. అంతా అందంగా వచ్చింది.

వారం తర్వాత చూపిస్తే ఆమె పదకొండేళ్ళ కూతురు ముందుగా నవ్వింది. అమ్మ లేవగానే కళ్ళజోడు వెతుక్కుంటుంది తప్ప ఎప్పుడూ చేతులు చాపదట. వదిన అడిగిన ప్రశ్నలు ఇంకా సూటిగా ఉన్నాయి. “నేను నిద్రలో ఉంటే ఎదురుగా కెమెరా ఎవరు పెట్టారు? నేను లేచేది నాలుగింటికి కదా, కిటికీలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఎందుకుంది? ఆ కోటు ల్యాబులోనే వదిలేస్తాం. రక్తంతో పనిచేసిన కోటు ఇంటికి ఎవరు తెస్తారు?” ఆమెతో పనిచేసేవారు ఎవరు చూసినా ఆ కోటు దగ్గరే నవ్వి వీడియో ఆపేసేవారు.

అంతకంటే నాకు సిగ్గుగా అనిపించింది వేరే ఉంది. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి దగ్గర, ఆమె అలసట చూపిస్తానంటూ, మూడు గంటల నిద్ర తీసేసుకున్నాను. రాత్రి డ్యూటీవారి మీద తీసిన వీడియోలు చాలావరకు ఉత్తవిగా కనిపించడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. కెమెరా పట్టుకున్నవాడికి తీరికైన వేళ తీస్తారు. ఆ వేళ ఆ మనిషి రోజులో ఉండదు. నటన బాగా లేకపోవడం ఆ తర్వాతి సంగతి.

రెండోసారి నేను వెళ్ళలేదు. ఆమె ఫోనుతో ఆమెనే తీయమని రెండు షరతులు పెట్టుకున్నాం. ఏదైనా జరుగుతున్నప్పుడే తీయాలి, పదీ పదిహేను సెకన్లకు మించకూడదు. తప్పినది తప్పినట్టే పోవాలి, మళ్ళీ చేయకూడదు. డిసెంబరులో మూడు రాత్రులు తీశారు. నలభై మూడు ముక్కలు వచ్చాయి. కొన్నింటిలో ఫ్రిజ్ తలుపు తప్ప ఏమీ లేదు.

డిసెంబరు కావడం మా అదృష్టం. ఇక్కడ ఆ నెలలో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. నాలుగింటికి లేచే మనిషికి మిగిలేది అరగంట వెలుతురు. మళ్ళీ ఆమె సూర్యుణ్ణి చూసేది మర్నాడు ఉదయం ఇంటికి వచ్చే దారిలోనే. ఈ సంగతి ఎవరూ మాటల్లో చెప్పనక్కర్లేదు, బొమ్మలో వెలుతురు సరిగ్గా ఉంటే చాలు. ఫోను మాత్రం దాన్ని సరిగ్గా ఉండనివ్వదు. చీకటి గది కనబడగానే వెలుతురు పెంచేసి సాయంత్రాన్ని పట్టపగలు చేస్తుంది. మొదటి రాత్రి ముక్కలన్నీ అలా బూడిదరంగులో, చుక్కలు చుక్కలుగా వచ్చాయి. తర్వాత ఒక చిన్న పని నేర్పాను. ఆమె ఫోనులో తెరమీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే AE/AF LOCK అని పడుతుంది. అప్పుడు వేలిని కిందికి జరిపితే బొమ్మ చీకటిగా మారుతుంది, ఇక దానంతట అది మారదు. గదిలో నిలబడితే కంటికి ఎంత చీకటి ఉందో అంత వరకు దించమన్నాను. రెండో రాత్రి నుంచి వంటిల్లు వంటిల్లులా, పొయ్యి మీది దీపం ఒక్కటే వెలిగేలా వచ్చింది.

కెమెరా ఎక్కడ ఉండాలన్నది కూడా తేలిపోయింది. ఆమె చేతిలో ఉంటే ఆమె చూసేది కనబడాలి, అంటే చేతులు, డబ్బా, రోడ్డు. ఆమె ముఖం కనబడాలంటే ఫోనును ఎక్కడో ఆనించాలి. ఆనించినప్పుడు ఆనించిన సంగతి దాచవద్దన్నాను. ఒక ముక్కలో ఆమె ఫోనును పంచదార డబ్బాకు ఆనించి వెనక్కి వెళ్ళడం, అది జారి పడడం, మళ్ళీ నిలబెట్టడం అంతా ఉంది. అదే ఉంచాను. చూసేవాడికి ‘ఇది ఎవరు తీశారు’ అన్న అనుమానం ఇక రాదు.

ఆ వంటింట్లో ఆమె పెరుగన్నం కలుపుకుంటారు, రాత్రి రెండింటి భోజనం కోసం. చేపల కూర వండిన రోజైనా పెరుగన్నమేనట. విశ్రాంతి గదిలో ఉన్నది ఒకే మైక్రోవేవ్, అందులో చేపల కూర వేడిచేసే ధైర్యం ఎనిమిదేళ్ళుగా రాలేదని చెప్పారు. ఇలాంటిది ఎవరికీ కల్పించాలని కూడా తోచదు.

ఇక అసలు చిక్కు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడున్నర వరకు, అంటే వీడియో దేని గురించో అదంతా, తీయడానికి వీల్లేదు. ల్యాబులో రక్తం ఉన్న ప్రతి గొట్టం మీద రోగి పేరు, పుట్టినతేదీ, నంబరు ఉంటాయి. ప్రతి కంప్యూటర్ తెరమీదా అవే. రోగుల వివరాలు కాపాడే హిపా చట్టం 1996 నాటిది, ఆసుపత్రి నియమాలు దానికంటే ఒక మెట్టు ఎక్కువే. పేర్లు మసకబారిస్తే సరిపోదా అని మా కమిటీలో ఒకరు అడిగారు. సరిపోదు. తీయడమే తప్పు, తర్వాత మసకబార్చడం వేరే పని. ఇంకొకరు తెలిసిన క్లినిక్కులో ఆదివారం ఖాళీ గది ఇప్పిస్తామన్నారు. అక్కడ ఖాళీ గొట్టాలు పట్టుకుని వదిన నిలబడితే మనం మొదటి శనివారానికే తిరిగి వెళ్ళినట్టు.

చివరికి ఆసుపత్రి బయట, కారు పార్కింగులో, ఆమె తలుపు వేసిన చప్పుడు దగ్గర బొమ్మను నల్లగా చేశాను. ఇరవై సెకన్లు నలుపే. దానిమీద ఆమె గొంతు ఒక్కటే ఉంటుంది.

ఆ గొంతు ఎప్పుడు రికార్డు చేశామన్నదే వీడియోకు ప్రాణం. మొదట సాయంత్రం, నిద్ర లేచాక చెప్పించాను. చక్కగా, రేడియోలో చదివినట్టు వచ్చింది, పనికిరాలేదు. తర్వాత డ్యూటీ దిగాక, ఉదయం 7:40కి, బండి కదలక ముందే, అద్దాలు ఎత్తి ఇంజను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడమన్నాను. ఆపి ఉంచిన కారు ఎంత మంచి రికార్డింగు గదో చాలామందికి తెలియదు. సీట్ల గుడ్డ ప్రతిధ్వనిని మింగేస్తుంది. రాసిన మాటలు ఇవ్వలేదు, ప్రశ్నలే పంపాను. ‘మీ ఉద్యోగం ఎలా ఉంటుంది’ అని అడిగితే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. ‘ఇప్పుడు ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉంది, రాత్రి మొదటిసారి గడియారం ఎన్నింటికి చూశారు’ అని అడిగాను.

“కాళ్ళు కాదు, బొటనవేలు,” అన్నారు. “మూతలు తీసి తీసి. మూడు దాకా మిషన్లు శుభ్రం చేసుకోవడం, ఫలితం ముందే తెలిసిన కంట్రోలు నమూనాలు వేసి మిషన్లు అంకెలు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూసుకోవడం. నాలుగింటికి వార్డులన్నిట్లో రక్తాలు తీయడం మొదలుపెడతారు. డాక్టర్లు పొద్దున రౌండుకు వచ్చేసరికి రిపోర్టులు ఉండాలి కదా. ఇక ఆరు దాకా గడియారం చూడలేదు.” మధ్యలో ఒక ఆవులింత, తర్వాత నాలుగు సెకన్ల మౌనం. రెండూ ఉంచాను.

ఆ రికార్డింగులోనే ఇంకా మంచి సంగతి ఒకటి ఉంది. ఒక నమూనాలో పొటాషియం భయపెట్టేంత ఎక్కువగా వచ్చింది. గొట్టం పైకెత్తి చూస్తే పై ద్రవం ఎర్రగా ఉంది. తీసేటప్పుడు రక్తకణాలు చిట్లితే వాటిలోని పొటాషియం బయటికి వచ్చి అంకెను పెంచేస్తుంది. వార్డుకు ఫోను చేసి మళ్ళీ తీయించారు, రెండోది మామూలుగానే ఉంది. వినగానే వీడియో దొరికిందనుకున్నాను. కానీ అది ఒక రాత్రి ఒక మనిషికి జరిగిన విషయం. పేరు లేకపోయినా ఆ వార్డువారికి ఎవరిదో తెలుస్తుంది. తీసేద్దామని వదినే అన్నారు. నేను అనవలసింది. ఇక్కడ రాయడానికి ఆమెను మళ్ళీ అడిగాను. రాత్రి, వార్డు, అంకె చెప్పకపోతే అభ్యంతరం లేదన్నారు, ఇలాంటి గొట్టాలు ప్రతి ల్యాబుకూ వస్తూనే ఉంటాయట.

కూర్పు దగ్గర ఒక అబద్ధం ఎదురైంది. మూడు రాత్రుల ముక్కలు కలిపితే ఒక రాత్రి అవుతుంది. కానీ ఆమె డ్యూటీకి వేసుకునే స్క్రబ్స్ ఒకరోజు నీలం, ఒకరోజు ముదురు ఎరుపు. రంగు మార్చడం కంప్యూటరుకు చిటికెలో పని, నేనూ మొదలుపెట్టాను. తర్వాత సిగ్గుపడి వదిలేసి, మొదట్లోనే ‘డిసెంబరులో మూడు రాత్రులు’ అని రాశాను. ఆ ఒక్క మాటతో ఇక దాచవలసింది ఏమీ లేకపోయింది. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి షార్ట్‌ను మూడు నిమిషాల వరకు ఒప్పుకుంటోంది. మాది 1 నిమిషం 35 సెకన్లు. నలుపు పోగా మిగిలింది పదమూడు ముక్కలు. వీణ సంగీతం వేయమన్నారు, వేయలేదు. కారు అద్దం మీది మంచు గీకే చప్పుడును సంగీతం కింద కప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

చివరి ముక్క మీద కమిటీలో గొడవ జరిగింది. ఉదయం తొమ్మిదిన్నర, పాపను స్కూలు బస్సు ఎక్కించి వచ్చి పడుకున్నారు. మందపాటి కర్టెన్ల వెనక గది చీకటి. దిండు పక్కన పాత ఫోను ఒకటి రికార్డు చేస్తోంది. అసలు ఫోను మోగుతుంది. గుంటూరులో రాత్రి ఎనిమిది, భోజనాలు అయ్యాక వాళ్ళ అమ్మ చేసే ఫోను. “ఆఁ అమ్మా... లేదు లేదు, పడుకోలేదు. చెప్పు,” అంటారు వదిన, నిద్ర గొంతుతోనే. అక్కడితో అయిపోతుంది. ఏమీ కనబడదు, తీసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.

అయితే అమ్మగారి గొంతు వాడాలంటే ఆవిడ అనుమతి అడగాలి కదా. వదిన వీడియో పంపించి అడిగారు. తన గొంతు ఒద్దంటే ఒద్దన్నారు ఆవిడ. కూతురు అప్పటికే పడుకుని ఉంటోందని ఇన్నాళ్ళూ తెలియదట. ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఆరు దాటగానే చేస్తున్నారు. అంటే ఇక్కడ ఉదయం 7:40, ఆపి ఉంచిన కారులో. ఇంకో వీడియో కోసం గొంతు పంపమని నేను అడిగితే, ఆ వేళ ఖాళీ లేదు, ఇంకేదైనా చూసుకో అన్నారు వదిన.