స్టాక్ పంపు, అర్జెంట్

మా మేనేజర్ గారు గ్రూపులో మెసేజ్ పెడితే మూడు మాటలు దాటవు. "లిస్ట్ పంపు." "బిల్లు చూడు." "తెనాలి ఏమైంది?" ఈ మూడోదానికి తెనాలి వాళ్లు కూడా జవాబు చెప్పలేరు. చివర మాత్రం తప్పనిసరిగా "అర్జెంట్" ఉంటుంది. టీ తెప్పించమన్నా అర్జెంటే, ఆడిట్ కాగితాలు తీయమన్నా అర్జెంటే. అందుకని ఏది నిజంగా తొందరో తెలుసుకోవాలంటే మేం ఆయన ముఖం చూసేవాళ్లం. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆ సౌకర్యం ఉండదు.

మాది విజయవాడలో వంటనూనెల హోల్‌సేల్ వ్యాపారం. బ్యాంకులో సీసీ ఖాతా ఉంది, అంటే సరుకూ బాకీలూ చూపించి వాడుకునే అప్పు. గోడౌన్లో ఎంత సరుకుంది, మనకి రావాల్సిందెంత, మనం ఇవ్వాల్సిందెంత అని ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. దాన్నిబట్టే ఆ నెల ఎంతవరకూ వాడుకోవచ్చో బ్యాంకు వాళ్లు లెక్కేస్తారు. మాకు పెట్టిన గడువు 10వ తేదీ. దాటితే పెనాల్టీ.

ఒక నెల 9వ తేదీ సాయంత్రం మేనేజర్ గారు గుంటూరులో పెళ్లి భోజనంలో ఉన్నారు. విస్తరి ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది కాబోలు, ఎడమచేత్తో టైపు చేశారు: "స్టాక్ పంపు. అర్జెంట్."

గ్రూపులో ఎనిమిది మందిమి. పంపమన్నది ఎవర్ని? ఏ స్టాక్? ఎవరికి? అకౌంటెంట్ కుర్రాడు, ఓనర్ గారు రోజూ అడిగే సన్‌ఫ్లవర్ నిల్వ అనుకుని ఆ అంకె ఓనర్ గారికి పంపేశాడు. నెలనెలా స్టేట్‌మెంట్ తయారు చేసేది బిల్లింగ్ అక్క. కానీ మేనేజర్ గారు ఆవిణ్ణి ఎప్పుడూ "మీరు" అనే అంటారు. "పంపు" అన్నారు కాబట్టి ఇది నాకు కాదులే అనుకుని ఆవిడ బస్సెక్కింది.

ఇక గోడౌన్ బాబాయ్. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఆ మధ్యాహ్నమే తెనాలి డీలర్ ఫోన్ చేసి 30 కార్టన్లు కావాలని బతిమాలాడు. పాత బాకీ కట్టని పార్టీ కదా అని మేనేజర్ గారు "చూద్దాం" అని పెట్టేశారు. మధ్యాహ్నం "చూద్దాం" అని సాయంత్రం "స్టాక్ పంపు" అంటే ఇంకేం అర్థం చేసుకోవాలి? బాబాయ్ ఆ అకౌంటెంట్ కుర్రాడి చేతే బిల్లు వేయించి, టాటా ఏస్ మాట్లాడి, 30 కార్టన్లూ ఎక్కించి, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టాడు. అది చూసి మేనేజర్ గారు నిశ్చింతగా పెరుగన్నంలోకి దిగారు.

మర్నాడు మధ్యాహ్నానికి రెండు ఫోన్లు వచ్చాయి. "ఇంకా స్టేట్‌మెంట్ అందలేదండీ" అని బ్యాంకు నుంచి. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను సార్" అని తెనాలి నుంచి. ఆయన్ని ఎక్కువగా కుంగదీసింది రెండోదే. స్టేట్‌మెంట్ వెళ్లకపోగా, అందులో రాయాల్సిన సరుకు కూడా వెళ్లిపోయిందాయె.

ఓనర్ గారు పిలిచి, "కాస్త మర్యాదగా, వివరంగా చెప్పవయ్యా" అన్నారు. మేనేజర్ గారికి అందులో మొదటి సగమే వినపడినట్టుంది. మర్నాటి మెసేజ్ చదివి మేం కుర్చీల్లోంచి లేచాం: "అందరికీ నమస్కారం. మీ మీ పనుల మధ్య ఎవరికైనా కాస్త తీరిక దొరికితే, ఏమీ అనుకోకుండా, డ్యామేజీ సరుకు లెక్క ఓసారి చూడగలిగితే బాగుంటుందేమో." కింద వరసగా నమస్కారాల బొమ్మలు.

తీరిక ఎవరికీ దొరకలేదు. ఏమీ అనుకోవద్దన్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు కూడా. బాబాయ్ మాత్రం నా దగ్గరికొచ్చి, "సారుకి ఒంట్లో బాగుందా? డాక్టర్ ఏమైనా చెప్పాడా?" అని గుసగుసగా అడిగాడు. వారం తిరిగినా డ్యామేజీ లెక్క కదల్లేదు. మేనేజర్ గారు మళ్లీ "లెక్క ఏది?" దగ్గరికి వచ్చేశారు.

అప్పుడు రంగంలోకి దిగింది బిల్లింగ్ అక్క. ఇంట్లో అత్తగారి చేత మందులు వేయించి, టెన్త్ చదివే కొడుకు చేత లెక్కలు చేయించి ఆఫీసుకొచ్చే మనిషి. ఒక కాగితం తీసుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "వచ్చే నెల స్టేట్‌మెంట్‌కి ఇప్పుడే మెసేజ్ రాయండి సార్" అంది. ఆయన రాశారు: "స్టాక్ స్టేట్‌మెంట్ పంపగలరా?"

"పంపలేనంటే?" అంది అక్క.

"అదేంటమ్మా, పంపాల్సిందేగా!"

"మరి అడగడం దేనికి? వద్దనే వీలు లేనిచోట ప్రశ్న పెట్టకండి. 'పంపండి' అనండి, మర్యాద అందులోనే ఉంది. అడగాల్సింది వేరే ఉంది. ఎన్నింటికి ఇవ్వగలం, అడ్డమేమైనా ఉందా అని. అవి మాకే తెలుస్తాయి."

తర్వాత గంటసేపు కొట్టివేతలు. "అర్జెంట్" మీద అడ్డగీత పడి, ఆ చోటులో తేదీ, టైము వచ్చాయి. గ్రూపులో పడేస్తే ఎవరి పనీ కాదని మొదట్లోనే పిలుపు చేరింది. ఎందుకో ఒక్క ముక్క చెప్పమంటే మేనేజర్ గారు మొండికేశారు. "పనివాళ్లకి సంజాయిషీ ఇచ్చుకోవాలా?" అన్నారు. "సంజాయిషీ కాదు సార్. బ్యాంకుకని ఆ రోజు రాసుంటే బాబాయ్ తెనాలి బండి ఎక్కించేవాడా?" అంది. తెనాలి పేరెత్తాక ఆయన ఎదురు చెప్పలేదు.

చివరికి తేలింది ఇదీ:

"అక్కా, ఈ నెల స్టాక్ స్టేట్‌మెంట్ 9వ తేదీ సాయంత్రం 4 గంటలకల్లా నాకు మెయిల్ చేయండి. గోడౌన్ లెక్క బాబాయ్ 8న సాయంత్రం మీకిస్తారు, ఆయనతో మాట్లాడాను. 10న బ్యాంకులో ఇవ్వాలి, దాటితే పెనాల్టీ పడుతుంది. లెక్క కుదరకపోతే 9న మధ్యాహ్నం 12 లోపు ఫోన్ చేయండి."

ఇందులో బతిమాలడం లేదు, కసురుకోవడమూ లేదు. ఆయన పెద్దరికానికి వచ్చిన లోటూ లేదు. నిజానికి ఇంత పెద్దమనిషిలా ఆయన అంతకుముందెప్పుడూ కనపడలేదు. 9న నాలుగుకి పది నిమిషాల ముందే మెయిల్ వెళ్లింది. డ్యామేజీ లెక్క కూడా ఇలాగే రాస్తే రెండు రోజుల్లో తేలింది.

దాంతో మేనేజర్ గారికి ఈ పద్ధతి ఒంటబట్టింది. పేరు, పని, టైము, కారణం, అడ్డమొస్తే ఏం చేయాలి అన్నీ లేకుండా నోరు విప్పడం మానేశారు. మొన్న గోడౌన్లో పామాయిల్ కార్టన్లు పైకంటా పేర్చి ఉన్న వరస మెల్లగా ఒరుగుతోంది. దాని కింద బాబాయ్ వీపు పెట్టి కూర్చుని చీటీ రాసుకుంటున్నాడు. మేనేజర్ గారు గుమ్మంలోంచి చూశారు.

"బాబాయ్ గారూ, మీ వెనకున్న పామాయిల్ వరస ఒరుగుతోంది కాబట్టి, దెబ్బ తగిలే అవకాశం ఉన్నందున, ఒక్క నిమిషంలోగా మీరు ఎడమ పక్కకి..."

"జరుగు!" అని అక్క అరిచింది. బాబాయ్ జరిగాడు. నాలుగు కార్టన్లు దబదబా పడి, ప్యాకెట్లు పగిలి, నూనె గుమ్మం దాకా పారింది.

మేనేజర్ గారు ఆ నూనెకేసి చూసి, ఫోన్ తీసి, డ్యామేజీ లెక్క ఎవరు, ఎన్నింటికల్లా ఇవ్వాలో టైపు చేయడం మొదలుపెట్టారు.