37 శాతం మహిమ

గోదావరి డెల్టాలో వృథా అనేది ఈ మధ్య దాదాపు కనుమరుగైంది. ఈ శుభవార్త ప్రభుత్వం దాకా వెళ్లినట్టు లేదు. మా మేనల్లుడు, వాడి ముగ్గురు మిత్రులు హైదరాబాదు కంపెనీలకు పంపబోతున్న బయోడేటాలు చదివాకే నాకూ తెలిసింది. ఒకడు మండపేట వైపు రైస్ మిల్లులో పనిచేశాడు, ఒకడు కడియంలో మొక్కల నర్సరీలో, మరొకడు కోనసీమలో కొబ్బరి పీచు దగ్గర. మావాడు భీమవరం పరిసరాల్లో ఒక రొయ్యల ప్లాంటులో సరుకు దింపించే సూపర్‌వైజరు. బియ్యమైనా, గులాబీ అంట్లయినా, పీచయినా, రొయ్యలైనా నలుగురూ తమ తమ చోట్ల వృథాను సరిగ్గా 37 శాతం తగ్గించారు.

ఈ 37 ఎంపిక వెనుక గొప్ప శాస్త్రం ఉంది. 40 అంటే నోటికి వచ్చింది చెప్పినట్టు ఉంటుంది. 35 అంటే బేరమాడి తెగ్గొట్టినట్టు ఉంటుంది. 37 అంటే మాత్రం ఎవరో కళ్లజోడు పెట్టుకుని, దస్త్రాలు ముందేసుకుని, రాత్రంతా కూర్చుని తేల్చినట్టు ఉంటుంది. ఎవరూ ఏదీ కొలవని చోట ఇంత కచ్చితమైన సంఖ్య పుట్టడం మన ప్రాంతపు సారవంతమైన నేల గొప్పతనమే తప్ప మరొకటి కాదు.

"అంకె లేని వాక్యం వాళ్లు చదవరట, మావయ్యా" అన్నాడు మావాడు.

"సరే, వృథా అంతకుముందు ఎంత ఉండేదిరా?"

వాడు ఫ్యాను వంక చూశాడు. ఇంటర్వ్యూలోనూ ఫ్యాను ఉంటే పరవాలేదు. ఏసీ గదిలో ఎటు చూడాలో వాడు ఇంకా ఆలోచించుకోలేదు.

గోదావరికి వరద వస్తే నది 37 శాతం పెరిగిందని మన వైపు ఎవరూ అనరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎక్కడ కొలిచారో, దేనితో కొలిచారో అందులోనే ఉంది. లంకలో ఉండే ముసలమ్మ కూడా ఆ అంకె విని గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో తేల్చుకుంటుంది. శాతానికి ఆ గుణం లేదు. దాని కింద మొదటి కొలత లేకపోతే అది గాలిలో వేలాడుతుంది.

అయితే కొలవలేదు కాబట్టి ఏమీ తెలియదనడం కూడా అబద్ధమే. పెళ్లికి ఎంతమంది వచ్చారని గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టడం మన మర్యాద కాదు. అయినా మర్నాటికి వంటాయన దగ్గర లెక్క ఉంటుంది. అరిటాకులు ఎన్ని తెప్పించారు, ఎన్ని మిగిలాయి, ఎన్ని బస్తాల బియ్యం లేచింది. ఆయన "నాలుగొందల ముప్పై ఏడు మంది" అనడు. "నాలుగొందలకు తగ్గరు, నాలుగొందల యాభై దాటరు" అంటాడు. ఆ మాట మీద పిండివంటల ఖర్చు కూడా కట్టేస్తారు.

కాబట్టి మావాణ్ణి వంటాయన పద్ధతిలో కూర్చోబెట్టాను. వృథా సంగతి వదిలేశాం, దానికి ఆకూ లేదు బస్తా లేదు. నిజంగా వాడు చేసింది వేరే ఉంది. పట్టుబడి జోరుగా ఉన్న రోజుల్లో వ్యాన్లన్నీ ఒక్కసారే గేటు ముందుకు వచ్చి వరుస కట్టేవి. ఐసు కరిగితే రొయ్య తల నల్లబడుతుంది, ధర దగ్గర గొడవ మొదలవుతుంది. మావాడు ముందురోజు సాయంత్రమే డ్రైవర్లకు ఫోనులో సందేశం పంపి, ఎవరు ఎన్ని గంటలకు రావాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఈ సంగతి వాడి బయోడేటాలో ఎక్కడా లేదు. అంకె లేదని రాయలేదట.

"గేటు రిజిస్టరులో రాకపోకల సమయం ఉంటుంది. నాతో పనిచేసినవాణ్ణి ఫోటో తీసి పంపమంటాను" అన్నాడు ఉత్సాహంగా. వద్దన్నాను. అది పాత యజమాని కాగితం. ఉద్యోగం మానేశాక దానిలో చెయ్యి పెట్టడం ఏ అంకె కోసమైనా తగదు.

రిజిస్టరు అక్కర్లేకుండానే సాక్ష్యం దొరికింది. గేటు పక్కన భోజనాల హోటలు ఉండేది. వ్యాన్లు పొద్దున ఎనిమిదింటికి వచ్చేవి, ఒంటిగంటకు డ్రైవర్లు అక్కడే భోజనం చేసి ఇంకా ఎదురుచూసేవారు. అంటే అయిదు గంటలకు తగ్గదు, ఒక్కోరోజు ఆరు. చివరికి వచ్చేసరికి మూడు గంటల్లో, కొన్ని రోజులు రెండింటిలోనే వదిలేసేవారు. పిసినారి లెక్క వేద్దాం అన్నాను. పాతవాటిలో మంచిది తీసుకో, కొత్తవాటిలో చెడ్డది తీసుకో. అయిదు నుంచి మూడుకు, అంటే 40 శాతం. కల్పించిన అబద్ధం కన్నా పిసినారి నిజమే మూడు శాతం ఎక్కువ తేలింది. మావాడు లేచి నిలబడ్డాడు.

"కూర్చో. ఆ ఏడాది ప్లాంటులో ఇంకేం మారింది?"

కొంచెంసేపు మౌనం. తరవాత నెమ్మదిగా, "రెండో కాటా కొన్నారు" అన్నాడు.

కాటా రెండయితే తూకం ఎలాగూ త్వరగా అవుతుంది. ఆ ఘనత కాటాది, దాన్ని కొన్న యజమానిది. అదృష్టవశాత్తూ వాడి ఫోనులో డ్రైవర్లకు పంపిన మొదటి సందేశం తేదీతో సహా ఉంది, కాటా రెండు నెలల తరవాత వచ్చింది. ఆ రెండు నెలలూ పట్టుబడి జోరు తగ్గలేదు, ప్లాంటులో ఇంకేమీ మారలేదు. ఆ రోజుల్లోనే హోటలావిడ వాడితో అన్నదట: "మీ ఫోన్ల పుణ్యమా అని మధ్యాహ్నం మా అన్నం మిగిలిపోతోంది బాబూ." పన్నెండింటికల్లా వ్యాన్లు ఖాళీ. ఎనిమిది నుంచి పన్నెండు, నాలుగు గంటలు. మావాడి వాటా గంట. వాడి ముఖం కూడా అంతే చిన్నదైంది.

గంటను రోజుకు పన్నెండు వ్యాన్లతో, సీజనుకు నూరు రోజులతో, ఐసు ఖర్చుతో హెచ్చవేసి లక్షలు చేస్తానన్నాడు. ఒక అంచనాను ఇంకో అంచనాతో హెచ్చవేస్తే తప్పులు కూడా హెచ్చుతాయని చెప్పి కాలిక్యులేటరు లాక్కున్నాను. చివరికి రాసింది ఇది: "రద్దీ రోజుల్లో 10 నుంచి 14 రొయ్యల వ్యాన్ల సరుకు దింపడం పర్యవేక్షించాను. డ్రైవర్లకు ముందే సమయం కేటాయించే పద్ధతి పెట్టాను. మొదటి రెండు నెలల్లో గేటు దగ్గర నిరీక్షణ సుమారు అయిదు గంటల నుంచి నాలుగుకు తగ్గింది (నా అంచనా)."

పాత మేనేజరుకు ఫోను చేసి, ఎవరైనా అడిగితే ఈ మాటకు అవునంటారా అని అడగమన్నాను. ఆయన "గంట ఖాయం, కాదంటే చూడు" అన్నారట. 37 శాతం గురించి ఆయనను అడగాలన్న ఆలోచన మావాడికి అంతకుముందు ఎందుకు రాలేదో నేను అడగలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర బంధువులకు నేను ఎప్పటిలాగే యానాంలో కొన్న నాలుగు కిలోల పులస కథ ఎత్తుకున్నాను. మావాడు కంచంలోంచి తల ఎత్తాడు.

"తూకం వేశారా, మావయ్యా?"

"సుమారుగా చెబుతున్నానురా."

"ఎంతమంది తిన్నారు?"

"నలుగురం."

"ఒక్కొక్కరికి ఎన్ని ముక్కలు వచ్చాయి?"

మా అక్క నవ్వు ఆపుకుంటూ, "రెండేసి, అందులో ఒకటి తోక" అంది.