పావు శాతం ద్రవ్యోల్బణమూ, పన్నెండు వేల జీతమూ

ఆదివారం మా అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో వాచ్‌మన్ జీతం పెంచాలన్న ప్రతిపాదన రాగానే కార్యదర్శి గారు ఫోను తెరిచి, 2025 అక్టోబరులో దేశంలో ద్రవ్యోల్బణం 0.25 శాతమేనని చదివి వినిపించారు. ధరలే పెరగనప్పుడు జీతం దేనికని అడిగారు. అందరూ తలలూపారు. ఆ తరువాత ఐదు నిమిషాలకే మెయింటెనెన్స్ రుసుము పెంపునకు ఏకగ్రీవంగా ఆమోదం లభించింది. ఆ పెంపునకు మాత్రం ఏ సూచీనీ ఎవరూ తెరిచి చూడలేదు.

ఆ అంకె అబద్ధం కాదు. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన వినియోగదారుల ధరల సూచీలో అంతకన్నా తక్కువ రేటు అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. కానీ అది చెప్పేది ఒక్కటే: సరిగ్గా ఏడాది కిందటి ధరలతో పోలిస్తే మార్పు ఎంత అని. ఆ ఏడాది కిందట ఏం జరిగిందో మా కార్యదర్శి గారికి గుర్తు లేదు, లేదా గుర్తు ఉంచుకోవడం ఇష్టం లేదు. 2024 అక్టోబరులో కూరగాయల ధరలు అంతకు ముందటి ఏడాదికన్నా 42.18 శాతం ఎక్కువగా ఉన్నాయి. 2025 అక్టోబరులో అవి 27.57 శాతం తగ్గాయి. 2023లో కూరగాయల సంచి వంద రూపాయలు అనుకుంటే 2024లో 142 అయింది, 2025లో 103కు దిగింది. అంటే దిగినట్టు కనిపిస్తున్న ధర దిగివచ్చింది పాత చోటికే, అదీ మూడు రూపాయలు ఎక్కువగా.

మొత్తం సూచీ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2024 అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.21 శాతం, 2025 అక్టోబరులో 0.25 శాతం. రెండింటినీ కలిపి లెక్కిస్తే రెండేళ్లలో ధరలు దాదాపు ఆరున్నర శాతం పెరిగాయి. పన్నెండు వేల జీతం ఆ రెండేళ్లూ కదలకుండా ఉంటే, మొదట్లో ఆ డబ్బుతో కొన్న సరుకులనే ఇప్పుడు కొనడానికి 12,777 రూపాయలు కావాలి. 2024లో ఇదే ప్రతిపాదన వచ్చినప్పుడు, కూరగాయల ధరలు సీజన్‌ను బట్టి ఉంటాయి, రెండు నెలలు ఆగితే అవే దిగుతాయని ఇదే కార్యదర్శి గారు సెలవిచ్చారు. ఎక్కినప్పుడు సీజన్, దిగినప్పుడు ద్రవ్యోల్బణం! ఇంత వెసులుబాటు ఉన్న గణిత శాస్త్రాన్ని నేను ఏ కళాశాలలోనూ చదవలేదు.

ఇక ఆ 0.25 ఎలా పుట్టిందో చూస్తే కోపం ఇంకొంచెం పెరుగుతుంది. 2011-12లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో కుటుంబాలు దేని మీద ఎంత ఖర్చు పెట్టాయో చూసి, 299 వస్తువులు, సేవలతో ఒక బుట్ట తయారు చేశారు. ఒక్కొక్కదానికి ఖర్చులో దాని వాటాను బట్టి వెయిటేజీ ఇచ్చారు. దేశమంతటా 1,181 గ్రామాల్లో, 1,114 పట్టణ మార్కెట్లలో వెనుకటి నెలలో అడిగిన రకం సరుకుకే మళ్లీ ధర అడిగి రాసుకునేవారు. ఆధార సంవత్సరంతో పోల్చినప్పుడు ఆ ధర ఎంత మారిందో చూసి, దానిని వెయిటేజీతో గుణించి కూడితే సూచీ వచ్చేది. బుట్టను ఇలా కదలకుండా ఉంచడంలో తప్పేమీ లేదు. నెల నెలా సరుకులనూ పరిమాణాలనూ మారుస్తూ పోతే, మన బిల్లు పెరిగింది ధర పెరిగినందువల్లనో, మనమే ఎక్కువ కొన్నందువల్లనో తేల్చడం సాధ్యం కాదు. సన్నబియ్యం మాని దొడ్డుబియ్యం కొన్న ఇంటి బిల్లు తగ్గుతుంది. అంతమాత్రాన ధరలు తగ్గినట్టా?

తప్పు ఎక్కడంటే, ఆ బుట్టను మార్చవలసిన సమయంలో మార్చకపోవడంలో. 2012 బుట్టలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. అందులో ఆహార పదార్థాల ధరల సూచీ కిందికి వచ్చేవే 39.06 శాతం. 2025 అక్టోబరులో ఈ ఆహార ధరలు 5.02 శాతం తగ్గాయి కాబట్టి, అవే మొత్తం అంకెను సుమారు రెండు శాతం పాయింట్లు కిందికి లాగాయి. బుట్టలో మిగిలినవన్నీ, అంటే అద్దె, ఫీజులు, మందులు, బస్సు చార్జీలు, బంగారం వంటివి, పైకి పోతూనే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపితే మిగిలింది పావు శాతం. ఇదే బరువు 2024లో ఎదురు దిశలో పనిచేసి ధరల పెరుగుదలను కాస్త ఎక్కువ చేసి చూపించిందని కూడా ఒప్పుకోవాలి. వయసు మీరిన బుట్ట ఎప్పుడూ ఒకే వైపు వంగదు. అయితే మా సంఘంలో మాత్రం అది ఏ వైపు వంగినా జీతం పెరగదు.

ఆ బుట్టలో డీవీడీ ప్లేయరు, టేపు రికార్డరు, క్యాసెట్లు కూడా ఉండేవని చెబితే కొందరు మిత్రులు నవ్వారు. వాటి వెయిటేజీ అతి స్వల్పం కాబట్టి వాటివల్ల అంకె కదలదు, కానీ ఆ బుట్ట ఏ కాలంలో ఆగిపోయిందో అవే చెబుతాయి. 2017-18లో కొత్త సర్వే జరిగింది. సమాచార నాణ్యత బాగా లేదంటూ దాని ఫలితాలను విడుదల చేయబోమని 2019 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. చివరకు 2022-23, 2023-24 సర్వేలు జరిగి, 2024 ఆధార సంవత్సరంగా కొత్త శ్రేణి 2026 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఆహార పానీయాల వాటా 36.75 శాతానికి తగ్గింది. పుష్కరం దాటిన తరువాత వచ్చిన ఈ సవరణను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను.

నా అసలు కడుపుమంట మాత్రం ఇంతకన్నా పాతది. ఉద్యోగుల డీఏకు వాడే పారిశ్రామిక కార్మికుల సూచీ ఆధార సంవత్సరం 2001 నుంచి 2016కు మారింది. ఉపాధి హామీ కూలీని ఏటా సవరించడానికి వాడుతూ వచ్చిన వ్యవసాయ కార్మికుల సూచీ మాత్రం 1986-87 ఆధారంగానే నడిచింది, దాని బుట్ట 1983 నాటి సర్వేది. అందులో తిండికే దాదాపు డెబ్భై శాతం వెయిటేజీ. సెల్‌ఫోను అన్న మాట పుట్టకముందు, పల్లెకు ప్రైవేటు బడి బస్సు రాకముందు కూలీ ఇల్లు ఎలా ఖర్చు పెట్టిందో చూసి, ఈనాటి కూలీకి ఎంత పెంచాలో నిర్ణయించారు. వేరే సూచీకి మారమని ఉపాధి హామీ కూలీపై కేంద్రం వేసిన మహేంద్రదేవ్ కమిటీ సిఫారసు చేసినా పట్టించుకున్నవారు లేరు. తిండి ధరలు నిలకడగా ఉండి, ఆసుపత్రి, చదువుల ఖర్చు పెరిగిన ఏడాదిలో ఈ సూచీ ప్రకారం కూలీకి పెద్ద కష్టమేమీ రానట్టే. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ దినసరి కూలీ 300 నుంచి 307 రూపాయలకు పెరిగింది. ఏడు రూపాయలు! మా సమావేశంలో పంచిన టీ, బిస్కెట్ల ఖర్చు మనిషికి అంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది.

2025 జూన్ సూచీతో ఎట్టకేలకు ఆ శ్రేణిని కూడా మార్చి, 2019ని ఆధార సంవత్సరం చేశారు. అందులోకి వెయిటేజీలు ఎక్కడినుంచి తెచ్చారో చూడండి: 2011-12 సర్వే నుంచి. అప్పటికి 2022-23, 2023-24 సర్వేల ఫలితాలు రెండూ విడుదలై ఉన్నాయి. నగరవాసికీ రిజర్వు బ్యాంకుకూ కావలసిన సూచీకి కొత్త సర్వే దొరికింది, కూలీకి కావలసిన సూచీకి పాత సర్వేయే సరిపోయింది. దీనికి కారణం అడిగితే సాంకేతికమని చెబుతారు. ఆ సాంకేతిక కారణం ప్రతిసారీ ఒకే వర్గం నెత్తిన ఎందుకు పడుతుందో మా కార్యదర్శి గారి ఫోనులోనైనా వెతికి చెప్పగలరా?