వ్యాసులవారి మరణ ధ్రువీకరణ పత్రం

"దేవుడి పుస్తకానికి కాపీరైట్ ఏమిటండీ!" అనే మాట భక్తి పుస్తకాలు వేసే ప్రతి కమిటీలోనూ ఉచితంగా దొరుకుతుంది. అన్నాయన ముఖంలో ఆ క్షణాన గొప్ప తేజస్సు కనిపిస్తుంది. అనేసి, బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి, ఫోనుతో పేజీకో ఫోటో కొట్టి డీటీపీ చేసే కుర్రాడికి పంపేస్తాడు. అక్కడితో అది భగవంతుడి సొత్తు అయిపోతుంది. భగవంతుడి సొత్తు అంటే కమిటీ సొత్తే కదా.

ఈయనకు సరిగ్గా ఎదురుదిక్కున ఇంకో మహానుభావుడు ఉంటాడు. విష్ణు సహస్రనామం అచ్చేసి, లోపలి పేజీలో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని వేసుకుంటాడు. అంపశయ్య మీదున్న భీష్ముడు ఏ ఘడియలో ఈయన పేరిట దస్తావేజు రాశాడో మహాభారతంలో ఎక్కడా కనబడదు. బహుశా ప్రక్షిప్తం.

ఈ ఇద్దరినీ చూసి బెదిరిన ఒక కమిటీ, మనం మాత్రం చట్టప్రకారమే పోదామని తీర్మానించుకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం, 22వ సెక్షన్ తెప్పించారు. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు లెక్కపెట్టాలని అందులో ఉంది. అయితే రచయిత ఎవరు? సహస్రనామం ఆనుశాసనిక పర్వంలోది కాబట్టి వ్యాసులవారు. ఎప్పుడు పోయారు?

ఇక్కడ పంతులుగారు గొంతు సవరించుకుని "అశ్వత్థామా బలిర్వ్యాసో" అని అందుకున్నారు. వ్యాసులవారు చిరంజీవులు. పోలేదు, పోరు. కోశాధికారిగారికి టెన్షన్ మొదలైంది. ఆయన పోకపోతే మరుసటి ఏడాది రాదు, అది రాకపోతే అరవై ఏళ్ళ లెక్క మొదలవదు, అంటే హక్కు యుగాంతం దాకా అలాగే ఉంటుంది. పోనీ, శ్లోకాలు చెప్పింది భీష్ముడు కదా, ఆయన పోయారు కదా, ఆ తేదీ ఉత్తరాయణంలో స్పష్టంగా ఉంది కదా అని ఒకాయన ఆశపడ్డాడు. కుదరదు, అది ఉమ్మడి రచన అవుతుంది, ఉమ్మడి రచనకు ఆఖరున పోయినవాడి నుంచే లెక్క అన్నారు అధ్యక్షులవారు, మళ్ళీ వ్యాసులవారి దగ్గరికే తెచ్చి పెడుతూ. కుమారుడు శుకమహర్షి దగ్గర అనుమతి పత్రం తీసుకుందామంటే, ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోతుంటే తండ్రి "పుత్రా" అని పిలిచినా చెట్లే పలికాయట. చెట్ల సంతకం చెల్లుతుందా అన్న చర్చ కాఫీ దాకా సాగింది. రాసిపెట్టిన వినాయకుడికి హక్కు ఉందా అన్నది వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఇంత శ్రమా దేనికి? మూల శ్లోకాలకు! ఎవరి అనుమతీ అక్కర్లేని వాటికి! వ్యాసుడిదైనా, పోతనదైనా, అన్నమయ్యదైనా ఆ పాత మాటల మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. ఎదురు పేజీలో ఉన్న తెలుగు తాత్పర్యం సంగతి మాత్రం ఆ సమావేశంలో ఒక్కరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? అది రాసినవాడు చిరంజీవి కాదు. మామూలు పండితుడు, మామూలుగానే పోయాడు.

చట్టం చూసేది ఆ తాత్పర్యాన్నే. మూలం ఎంత పాతదైనా, దానికి చేసిన అనువాదం, వ్యాఖ్యానం వేరే రచన. దాని లెక్క అది రాసినవాడి జీవితాన్ని బట్టే. అట్ట మీద ఉన్న ముద్రణ సంవత్సరం చూసి ఇది పాతది, ఇది కొత్తది అని తేల్చేస్తే రెండు వైపులా తప్పుతుంది. పునర్ముద్రణ వేసినంత మాత్రాన పాత రచనకు కొత్త ఆయుష్షు రాదు. పేజీలు పసుపెక్కిన పుస్తకమైనా, దాన్ని ముప్పై ఏళ్ళ వయసులో రాసిన మనిషి తొంభై దాకా బతికి ఉండొచ్చు.

మరి ఆయన పోయిన ఏడాది ఎలా తెలుస్తుంది? తరవాతి ముద్రణకు కొడుకులు రాసిన ముందుమాట చదవాలి. ఉదాహరణకు అందులో "మా తండ్రిగారు పరాభవ నామ సంవత్సర రథసప్తమి నాడు వైకుంఠవాసులైనారు" అని ఉందనుకోండి. కమిటీలో తెలివైనవాడు పంచాంగం తీసి, పరాభవ అంటే 1966 అంటాడు. 1967 నుంచి అరవై ఏళ్ళు, 2026తో సరి, 2027 జనవరి 1న అచ్చుకు ఇచ్చేద్దాం అంటాడు. తప్పు. ఆ పరాభవ 1966 ఉగాదితో మొదలైంది నిజమే, కానీ రథసప్తమి మాఘమాసంలో వస్తుంది, అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోయి 1967 వచ్చేసింది. కాబట్టి లెక్క 1968 జనవరి 1 నుంచి. గడువు 2027 డిసెంబరు 31 దాకా ఉంటుంది. ఒక్క మాసం పేరు చూడనందుకు ఒక ఏడాది ముందే దొంగలవుతారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మన సంవత్సరాల పేర్లూ అరవై ఏళ్ళకే తిరిగి వస్తాయి, చట్టమూ అరవై అనే అంటుంది. అందుకని 2027 ఫిబ్రవరిలో మళ్ళీ పరాభవ రథసప్తమి రాగానే, తిథితో సహా అరవై నిండాయని ఎవరో ఒకరు కొబ్బరికాయ కొట్టేస్తారు. చట్టానికి తిథి తెలియదు. డిసెంబరు ఆఖరు దాకా ఆగాల్సిందే.

ఆయన పోయాక రాతప్రతి దొరికి కొడుకులే మొదటిసారి అచ్చేయించి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు అరవై ఏళ్ళు ఆ మొదటి ప్రచురణ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. పేరు లేకుండా వేసినదైతే, రచయిత ఎవరో ఈలోగా బయటపడనంత వరకు దానికీ అదే లెక్క. అందుకే పాట కింద "అజ్ఞాత కవి" అని వేసేముందు ఆఖరి చరణం ఒకసారి చదవండి. చాలామంది వాగ్గేయకారులు తమ పేరో ముద్రో అక్కడే పెట్టి పోయారు. మనవాళ్ళు మాత్రం పేజీ సరిపోలేదని ముందుగా కోసేది ఆ చరణాన్నే.

గడువు తీరలేదని తేలితే మాత్రం ఏమంత కష్టం? వారసులకు ఒక ఉత్తరం రాయండి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే వేసుకోండి. ఒప్పుకోకపోతే మూలం ఒక్కటే వేయండి, లేదా తాత్పర్యం కొత్తగా రాయించుకోండి.

కానీ ఉత్తరం రాయరు. ఎందుకంటే "సేవ కదండీ, అమ్ముకోవట్లేదు కదండీ". ఉచితంగా పంచినంత మాత్రాన చట్టం కళ్ళు మూసుకోదన్న మాట అటుంచండి. ఆ తాత్పర్యం రాసినాయన ఒక్కొక్క నామానికీ వ్యుత్పత్తి వెతికి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా అర్థమయ్యేలా వాక్యం తిరగరాసి తిరగరాసి కళ్ళు పోగొట్టుకున్నవాడు. ఆయన వాక్యాలు అక్షరం మార్చకుండా దించుకుంటారు. అచ్చుతప్పులతో సహా దించుకుంటారు! పేరు మాత్రం తీసేస్తారు. ఇది మరుపు కాదు, దొంగతనం. గంధం బొట్టు పెట్టుకుని చేసినా దొంగతనమే. రచన తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ రచయితకు విడిగా ఇచ్చింది, 2012 సవరణ తరవాత ఆ మాట అడిగే హక్కు వారసులకూ వచ్చింది. గడువు తీరిపోయిందే అనుకుందాం, చచ్చిపోయిన మనిషి పేరు చెరిపేయడానికి ఏ సెక్షన్ ఒప్పుకుంది, ఏ శాస్త్రం ఒప్పుకుంది?

మొన్న ఇలాంటి పుస్తకం తెచ్చిన ఒకాయన్ని అడిగాను, తాత్పర్యకర్త పేరు ఏదండీ అని. చోటు చాల్లేదన్నాడు. అట్ట తిప్పి చూశాను. దాతగారు, దాతగారి శ్రీమతిగారు, వారి మనవడి మొదటి పుట్టినరోజు ఫోటో, రంగుల్లో.